ఆక్సిమీటర్‌లో ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మా మామగారికి 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. ఐదు రోజుల క్రితం జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. డాక్టరు గారు చూసి ఫ్లూ లాంటి జ్వరమని చెప్పి, మందులు రాసి, వేరే గదిలో ఉంచి ఇంట్లోనే చూసుకోమన్నారు. ఆక్సిమీటర్ కొని గంటగంటకూ చూస్తున్నాను. నిన్న ఉదయం 96 ఉంది. మధ్యాహ్నం బాత్రూమ్‌కు వెళ్లి, చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చోగానే పెడితే 89 చూపించింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కాసేపటికి మళ్లీ 95 వచ్చింది. రాత్రి నిద్రలో పెడితే 92. ఆయనేమో "నాకు ఆయాసమేం లేదమ్మా, దాన్ని అవతల పెట్టు" అంటున్నారు. మావారు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ అద్దెకు తెచ్చి ఇంట్లోనే పెడదామంటున్నారు. మా ఆడపడుచు వెంటనే ఆసుపత్రిలో చేర్చమంటోంది. అత్తయ్యగారు ఆయనను ఒంటరిగా వదలనని అదే గదిలో పడుకుంటున్నారు. మాస్క్ పెడితే ఊపిరాడటం లేదని మామగారు తీసేస్తున్నారు. ఇంట్లో ఏడేళ్ల పాప ఉంది. ఏ అంకెను నమ్మాలి? ఎవరి మాట వినాలి?

సమాధానం: ముందుగా ఒక పని చేయండి. ఇది చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగనక్కర్లేదు. మీ డాక్టరు గారికి ఈ రోజే ఫోన్ చేసి ఆ 89 సంగతి, అది ఎప్పుడు ఎలా వచ్చిందో సహా చెప్పండి. అది నిజమైన అంకె కాకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ డెబ్బై దాటిన మనిషికి, షుగర్ ఉన్న మనిషికి, జబ్బు మొదలైన ఐదో రోజున, నడిచి వచ్చిన వెంటనే అలాంటి అంకె కనిపించినప్పుడు, కాదని తేల్చుకున్నాకే పక్కన పెట్టాలి తప్ప, కాకపోవచ్చులే అనుకుని వదలకూడదు. నేను మీ మామగారిని చూడలేదు కనుక చివరి మాట ఆయనను పరీక్షించిన వైద్యునిదే. ఆయనకు ఏమి చెప్పాలో, అంతలోపు ఇంట్లో ఏమి గమనించాలో మాత్రం ఇక్కడ విడదీసి చూద్దాం.

ఆ 89కి మూడు అర్థాలు ఉండవచ్చు. మొదటిది, అది అసలు ఆక్సిజన్ అంకే కాకపోవచ్చు. ఆక్సిమీటర్ తెర మీద రెండు అంకెలు ఉంటాయి. SpO2 అని ఉన్నది రక్తంలోని ఆక్సిజన్ శాతం, PR అని ఉన్నది నాడి వేగం. కొన్ని పరికరాల్లో వేలిని తిప్పితే తెర కూడా తిరుగుతుంది, పైనున్న అంకె కిందికి వస్తుంది. జ్వరంలో, నడిచి వచ్చిన మనిషికి నాడి 89 ఉండటం వింతేమీ కాదు. కంగారులో ఒకదాన్ని మరొకటిగా చదవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఇకపై రాసుకునేటప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. ఈ అనుమానం మళ్లీ రాదు.

రెండోది, చేతులు కడుక్కుని వచ్చిన తడి వేలు, చల్లని వేలు. ఈ పరికరం వేలి గుండా ఎర్రటి కాంతినీ, కంటికి కనిపించని పరారుణ కాంతినీ పంపి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేలిలోకి వచ్చే రక్తం ఆ రెండింటిలో దేన్ని ఎంత పీల్చుకుంటోందో పోల్చి లెక్క కడుతుంది. వేలు చల్లబడితే సన్నని రక్తనాళాలు ముడుచుకుపోతాయి, లోపలికి వచ్చే రక్తపు అల చిన్నదవుతుంది, పరికరం అందిన కాస్త సంకేతంతోనే ఏదో ఒక అంకె చూపిస్తుంది. వేలు కదిలినా, గోళ్ల రంగు ఉన్నా, మీద ఎండ పడినా ఇదే గోల. అన్నీ సరిగా ఉన్నప్పుడు కూడా ఇంట్లో వాడే పరికరం చూపే అంకె అసలు విలువకు రెండు మూడు పాయింట్లు అటో ఇటో ఉండవచ్చు. ముదురు చర్మం ఉన్నవారిలో అది కాస్త ఎక్కువగానే చూపించే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోండి.

మూడోది, అది నిజంగానే తగ్గి ఉండవచ్చు. కూర్చున్నప్పుడు శరీరానికి కావలసిన ఆక్సిజన్ తక్కువ, కాబట్టి వాచిన ఊపిరితిత్తులు కూడా ఎలాగో నెట్టుకొస్తాయి. నాలుగు అడుగులు వేసేసరికి అవసరం పెరుగుతుంది, అప్పుడు లోపల ఉన్న లోటు బయటపడుతుంది. న్యుమోనియా మొదలవుతున్న దశలో విశ్రాంతిలో అంకె బాగుండి, నడకతో పడిపోవడం తెలిసిన విషయమే. మీ మామగారి విషయంలో తేల్చుకోవలసింది ఈ రెండో అర్థానికీ మూడో అర్థానికీ మధ్యనే.

అందుకు ఇలా చేయండి. ఆయనను కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడించకుండా ఉంచండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. చూపుడు వేలికో మధ్య వేలికో పరికరం తగిలించి, ఆ చేతిని ఛాతీ ఎత్తులో ఒళ్లో దిండు మీద కదలకుండా పెట్టండి. మొదట వచ్చిన అంకెను చదవకండి. కనీసం ఒక నిమిషం ఆగి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోండి. ఆ నిమిషంలోనే రెండో చేతి మణికట్టు దగ్గర నాడిని మీ వేళ్లతో పట్టుకుని లెక్కపెట్టండి. మీరు లెక్కపెట్టినదీ, తెర మీద PR దగ్గర ఉన్నదీ దాదాపు ఒకటైతే పరికరానికి సంకేతం సరిగా అందుతోందని అర్థం. మీకు 88 వచ్చి, అది 60 చూపిస్తుంటే, దాని పక్కనున్న ఆక్సిజన్ అంకెకు విలువ లేదు, వేలు మార్చి మళ్లీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మీ వేలికి కూడా ఒకసారి పెట్టి చూడండి. మీకు 97, 98 చూపించి ఆయనకు పదే పదే 92 చూపిస్తే తప్పును పరికరం మీదికి తోసేయడం కష్టం.

ఇప్పుడు నడక పరీక్ష. కూర్చున్నప్పుడు అంకె 94 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, ఆయాసం లేకుండా, మనిషి స్థిమితంగా ఉంటేనే దీన్ని చేయాలి. అంతకంటే తక్కువ ఉన్న మనిషిని నడిపించి తెలుసుకోవలసింది ఏమీ లేదు, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. వైద్యులు సాధారణంగా ఆరు నిమిషాలు నడిపిస్తారు. ఐదు రోజుల జ్వరంలో ఉన్న పెద్దాయనకు అంత అక్కర్లేదు, గదిలోనే మామూలు నడకతో రెండు మూడు నిమిషాలు చాలు. పరికరం ఉన్న చేతిని ఛాతీకి ఆనించి పట్టుకోమనండి, మీరు పక్కనే నడవండి, కళ్లు తిరిగినా ఊపిరి అందకపోయినా అక్కడే ఆపి కూర్చోబెట్టండి. నడక ఆగాక చేయి కదలకుండా చూసిన అంకె, మొదటిదానికంటే మూడు పాయింట్లు లేదా అంతకు మించి తగ్గితే, ఉదాహరణకు 96 నుంచి 92కి వస్తే, నిన్నటి 89ని నిజమనే అనుకోవాలి. అప్పుడు ఈ రోజే ఛాతీని పరీక్ష చేయించాలి. 96 నుంచి 95కి వచ్చి అక్కడే నిలిస్తే, నిన్నటిది తడి వేలి పనే అయి ఉండటానికి అవకాశం ఎక్కువ.

రాత్రి వచ్చిన 92 సంగతి వేరు. నిద్రలో ఊపిరి పైపైన సాగుతుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా విచ్చుకోవు, గురక పెట్టేవారిలో అయితే మధ్యమధ్య శ్వాస ఆగుతుంది కూడా. ఆరోగ్యవంతుల్లోనూ నిద్రలో అంకె కొంత దిగుతుంది. అందువల్ల నిద్రలో చూసినదాన్ని పగటి అంకెతో పోల్చకూడదు. తక్కువ కనిపిస్తే లేపి కూర్చోబెట్టి, నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి తీయించి, పైన చెప్పిన పద్ధతిలోనే మళ్లీ చూడండి. 95కి వస్తే తలవైపు ఎత్తు పెంచి పడుకోబెట్టండి. మెలకువగా కూర్చున్నా 92 దాటకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు.

"ఆయాసమేం లేదు" అన్న ఆయన మాట మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. ఆయన అబద్ధం చెబుతున్నారని కాదు. మనకు ఊపిరాడని బాధ కలిగేది ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకున్నప్పుడు. ఆక్సిజన్ తగ్గినా ఆ వాయువు బయటికి పోతూనే ఉంటే మనిషికి పెద్దగా తెలియదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఇళ్లలో దాదాపు ఎవరూ చూడనిది అదే. జబ్బు పడిన ఊపిరితిత్తులు ఎక్కువ సార్లు ఊపిరి తీసి, అంకెను 95, 96 దగ్గర నిలబెట్టగలవు. తెర మీద అంకె బాగుంటుంది, మనిషి మాత్రం దాని కోసం కష్టపడుతూ ఉంటాడు. ఆ కష్టం ఓపిక ఉన్నంతసేపే సాగుతుంది. పైగా రక్తానికీ ఆక్సిజన్‌కూ ఉన్న సంబంధం ఎలాంటిదంటే, పైన కొంత మేర లోటు వచ్చినా అంకె పెద్దగా కదలదు, 90 దగ్గరికి వచ్చాక మాత్రం కొద్దిపాటి లోటుకే వేగంగా జారిపోతుంది.

కాబట్టి ఆక్సిమీటర్‌తో పాటు శ్వాసలు కూడా లెక్కపెట్టండి. ఆయనకు చెప్పి లెక్కపెడితే తెలియకుండానే ఊపిరి మారుస్తారు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీదో పొట్ట మీదో ఉంచి, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క శ్వాస తేడా నాలుగవుతుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారికి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కొంత పెరుగుతుంది, అందుకే జ్వరం దిగాక మరోసారి చూడండి. జ్వరం లేకపోయినా 24 దాటితే ఆక్సిజన్ అంకె ఎంత బాగున్నా డాక్టరుకు చెప్పాలి, 30 దగ్గరికి వస్తే అది ఆసుపత్రి అవసరమే. మీ మామగారు బీపీకి వాడే మందుల్లో గుండె వేగాన్ని తగ్గించేది ఉంటే, నాడి పెరగకుండా ఆ మందు పట్టి ఉంచుతుంది. అలాంటప్పుడు నాడి మామూలుగా ఉందన్న ధైర్యం పనికిరాదు, శ్వాసల లెక్కే ముఖ్యం.

గంటకోసారి చూడటం మాత్రం మానేయండి. అలా చూస్తే ప్రతి రెండు పాయింట్ల ఊగిసలాటకూ ఇల్లంతా ఊగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు నాలుగు గంటలకోసారి, అది కాక మనిషిలో మార్పు కనిపించినప్పుడు చాలు. ఒక కాగితం మీద వేళ, SpO2, PR, శ్వాసలు, జ్వరం, నడిచాకా కూర్చున్నాకా అన్నది వరుసగా రాయండి. ఉదయం 96, శ్వాసలు 18. మధ్యాహ్నం 95, శ్వాసలు 22. సాయంత్రం 95, శ్వాసలు 26. ఇలాంటి వరుస మీ కాగితం మీద కనిపించిందనుకోండి. ఆక్సిజన్ గడి ఒక్కటే చూసేవారు అంతా బాగుందంటారు, నేనైతే ఆ సాయంత్రమే ఆయనను డాక్టరుకు చూపించమంటాను. అదే 95, 95, 95, శ్వాసలు 17, 18, 17 అని ఉంటే అంకె కాస్త తక్కువే అయినా నిలకడగా ఉంది, ఫోన్‌లో డాక్టరుకు చెప్పి గమనిస్తూ ఉండవచ్చు.

ఇక మీ ముందున్న మూడు దారులు. ఇంట్లోనే కొనసాగించడం తప్పేమీ కాదు, కానీ అందుకు షరతులుండాలి. సరిగా చూసిన అంకె 95 లేదా పైన, శ్వాసలు 20 దగ్గర, నడిస్తే తగ్గకపోవడం, కాస్త ద్రవాలు తాగుతూ మూత్రం మామూలుగా పోవడం, మనిషి ఎప్పటిలా మాట్లాడటం. మళ్లీ మళ్లీ చూసినా 93, 94 మధ్యే ఉంటే అదే రోజు వైద్యుడు చూడాలి. 92 లేదా కింద నిలిస్తే అత్యవసరమే. ముందే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ హద్దులు వేరుగా ఉంటాయి, అలాంటిదేమైనా ఉంటే మీ డాక్టరునే అడగండి. పెదవులు నీలంగా మారడం, ఒక వాక్యం పూర్తి చేయకుండానే ఊపిరి కోసం ఆగడం, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం లేదా లేపినా మత్తుగా ఉండటం కనిపిస్తే ఆక్సిమీటర్ కోసం వెతకవద్దు, బయలుదేరండి. పెద్దవారిలో జ్వరం కంటే ముందు తికమకే కనిపించే సందర్భాలూ ఉంటాయి.

మీవారు చెప్పిన కాన్సన్‌ట్రేటర్ గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇళ్లలో వాడే యంత్రాలు ఎక్కువగా నిమిషానికి 5 లీటర్ల వరకు ఇస్తాయి. అది పెడితే 91 ఉన్న అంకె 96 కావచ్చు, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. లోపలి న్యుమోనియా మాత్రం తన దారిన తాను పెరుగుతూనే ఉంటుంది, మిమ్మల్ని హెచ్చరించవలసిన అంకె మాత్రం మూగబోతుంది. ఆ యంత్రం చాలడం లేదని తెలిసేసరికి ఆసుపత్రిలో చాలా ఎక్కువ ఆక్సిజన్ అవసరమయ్యే దశ వచ్చి ఉంటుంది. వైద్యుడు ఎంత పెట్టాలో, ఏ అంకె దగ్గర ఉంచాలో రాసి ఇచ్చినప్పుడు, లేదా అంబులెన్స్ వచ్చేదాకా దానికి ఉపయోగం ఉంది. అంతకుమించి ఆసుపత్రికి బదులుగా దాన్ని తెచ్చుకోకూడదు. ఆక్సిజన్ కావలసి వచ్చిందంటేనే కారణం వెతకవలసి వచ్చిందని అర్థం.

మీ ఆడపడుచు మాటలో భయం ఉన్నా, అందులో పనికొచ్చేదీ ఉంది. ఇప్పుడే చేర్పించనక్కర్లేదేమో గానీ, ఈ రోజు తీసుకెళ్లి చూపించడం వేరు. డాక్టరు ఛాతీకి స్టెతస్కోప్ పెట్టి విని, అవసరమైతే ఎక్స్‌రే తీయించి, రక్తంలో చక్కెర చూస్తారు. జ్వరాల్లో చక్కెర అదుపు తప్పుతుంది, అది కూడా మనిషిని నీరసపరుస్తుంది. అన్నీ బాగుంటే ఇంటికి పంపిస్తారు, మీకు పోయేది ప్రయాణపు శ్రమే. బాగా లేకపోతే రెండు రోజులు కలిసివస్తాయి. 89 వచ్చిన ఇంట్లో నేను మొగ్గేది ఈ మధ్యదారి వైపే. ఇచ్చిన మందుల్లో ఫ్లూ వైరస్ మీద పనిచేసేది ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

గది విషయానికి వద్దాం. తలుపు మూసినంత మాత్రాన గది వేరు కాదు, అందులోని గాలి ఎటు పోతోందన్నదే ముఖ్యం. పల్చటి టిష్యూ కాగితపు ముక్కను తలుపు కింది సందు దగ్గర బయటి వైపు నుంచి పట్టుకుని చూడండి. అది గది లోపలికి వంగితే గాలి ఇంట్లోంచి గదిలోకి పోతోంది, మంచిదే. మీ వైపు ఊగితే ఆయన దగ్గిన గాలి హాల్లోకి వస్తోంది. ఎదురుగాలి కొట్టే కిటికీని బార్లా తెరిచినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ గదికి అనుబంధంగా బాత్రూమ్ ఉంటే అందులోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి బాత్రూమ్ తలుపు తెరిచి ఉంచండి, లేదా కిటికీలో ఒక టేబుల్ ఫ్యాన్ బయటికి ఊదేలా పెట్టండి, తర్వాత కాగితం ముక్కతో మళ్లీ చూడండి. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలిని కలియతిప్పుతుందే తప్ప బయటికి పంపదు.

గదిలో ఒక్కరే ఉన్నప్పుడు మీ మామగారికి మాస్క్ అక్కర్లేదు. ఈ ఒక్క మాట చెబితే సగం గొడవ తీరుతుంది. ఎవరైనా లోపలికి వచ్చే ఆ పది నిమిషాలే ఆయన మామూలు సర్జికల్ మాస్క్ పెట్టుకుంటే చాలు, ఎన్-95 ఆయనకు అవసరం లేదు. లోపలికి వెళ్లే మీకే ఎన్-95 కావాలి, అదీ అంచుల నుంచి గాలి కారకుండా. పెట్టుకుని గట్టిగా ఊదినప్పుడు కళ్ల కింద గాలి తగిలితే ముక్కు దగ్గరి పట్టీని మళ్లీ నొక్కండి. తీసేటప్పుడు ముందు భాగం తాకకుండా పట్టీలు పట్టుకుని తీసి, చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోండి. పల్చటి సర్జికల్ మాస్క్‌ను కూడా ఆయన భరించలేకపోతుంటే బలవంతం చేయకండి, కిటికీ తెరిచి మీ మాస్క్ మీద ఆధారపడండి. మొన్నటిదాకా భరించి ఈ రోజే భరించలేకపోతుంటే మాత్రం అది మొండితనమనుకోకుండా శ్వాసలు లెక్కపెట్టండి.

అత్తయ్యగారికి నచ్చజెప్పడమే అన్నిటికంటే కష్టం. ఆమెకు ఇప్పటికే సోకి ఉండే అవకాశం ఉంది, ఫ్లూ అయితే సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. ఆమెనే ఏకైక సహాయకురాలిగా ఉంచి, పాపకు దూరంగా ఉండమనడం ఒక పద్ధతి. ఇంట్లో మనుషుల రాకపోకలు తగ్గుతాయి, కానీ ఆమె వయసుకు రాత్రంతా ఆ గాలిలో పడుకోవడం ప్రమాదమే. రెండో పద్ధతి, తలుపు అవతల మంచం వేసి, మామగారి చేతికి ఫోనో గంటో ఇచ్చి, పగలు మాత్రం మాస్క్‌తో, కిటికీ తెరిచి, కొద్దిసేపు కూర్చోనివ్వడం. ఆమెను పంపేయడం లేదని, పిలిస్తే పలికే దూరంలోనే ఉంచుతున్నామని చెబితే ఒప్పుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా ఆమెకు గానీ పాపకు గానీ జ్వరం మొదలైతే రెండు రోజులు చూద్దాం అనుకోకండి. ఫ్లూ వైరస్ మందులు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగపడతాయి. పాపకు మాత్రం ఆస్పిరిన్ ఇవ్వవద్దు.

మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా, దగ్గు తగ్గుముఖం పడితే ఆయనను మెల్లగా గది బయటికి రానివ్వవచ్చు, తర్వాత కొన్ని రోజులు నలుగురిలో మాస్క్‌తో. అంకెలు రాసే కాగితాన్ని మాత్రం అప్పుడే తీసేయకండి. రెండు రోజులు హాయిగా ఉన్నాక జ్వరం మళ్లీ వచ్చి, దగ్గుతో పచ్చటి కఫమో రక్తపు చారలో పడితే, అది పాత జ్వరం తిరగబెట్టడం కాదు, దాని వెనకే వచ్చిన బాక్టీరియా న్యుమోనియా కావచ్చు. అప్పుడు ఆ కాగితం తీసుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.